శనివారం కాపీ ఎందుకు ఆలస్యమయ్యేదంటే

మా చోడవరంలో బస్సులో ఎవరైనా కునికిపాట్లు పడితే, పక్కవాడు మోచేత్తో పొడిచి "ఒరే, ఇదేటి కంపూటరు రూమనుకున్నావా?" అనడం కొన్నేళ్ళు నడిచింది. అన్నవాళ్ళలో సగం మంది ఆ యంత్రాన్ని కళ్ళతో చూసి ఉండరు. ఆ మాట పుట్టింది మా వీధి చివరింటి మనిషి మీద. అతను నిద్రపోయి ఉద్యోగం పోగొట్టుకున్నాడని ఊరంతా నమ్మింది. అది అబద్ధమని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

డెబ్బైల చివర్లో విశాఖపట్నంలో ఒక ప్రైవేటు సంస్థ కంప్యూటరు పెట్టి, దాని మీద ఊళ్ళో కంపెనీలకు గంటల లెక్కన పని చేసిపెట్టేది. నేను అందులో ప్రోగ్రాములు రాసేవాణ్ణి. అతను ఆపరేటరు. నాకంటే మూడు నాలుగేళ్ళు పెద్ద. నేను అన్నియ్యా అనేవాణ్ణి, అతను నన్ను తమ్ముడూ అనీ, కోపమొస్తే ఒరే అనీ పిలిచేవాడు. ఇద్దరం పొద్దున్నే ఒకే బస్సెక్కి, సాయంత్రం ఒకే బస్సులో తిరిగొచ్చేవాళ్ళం. వాళ్ళది బుచ్చయ్యపేట వైపు చెరకు, వరి పండించే కుటుంబం. అతని అన్నగారు పొలం చూసుకునేవాడు. తండ్రి మాత్రం ఈ రెండోవాణ్ణి చదివించి, చోడవరంలో ఇల్లు తీసుకుని కూర్చోబెట్టాడు. "ఈడు మట్టి ముట్టుకోడు" అని ఆయన అందరితో గొప్పగా చెప్పేవాడు. అతని ఉద్యోగం ఇంకా టెంపరరీ. ఏడాది తిరిగేసరికి పర్మనెంటు చేస్తామని మేనేజరు మాట ఇచ్చాడు. ఆ మాట మీదే ఆ ఇంట్లో పొద్దు పొడిచేది.

ఆ రోజుల్లో మా ప్రాంతంలో మట్టి పరీక్షల పథకం ఒకటి నడిచింది. బుచ్చయ్యపేట నుంచి దేవరాపల్లి దాకా రైతుల పొలాల్లో మట్టి తీసి, పరీక్ష చేసి, ఏ చేనుకి ఏ ఎరువు ఎంత వేయాలో కాగితం మీద అచ్చువేసి ఇచ్చేవారు. ఆ పని మా సంస్థకు వచ్చింది. ఊరివాణ్ణని ప్రోగ్రాము నాకప్పగించారు.

నేను మొదట చేసిన పని చోడవరంలో ఆ పథకం ఆఫీసుకు వెళ్ళి కూర్చోవడం. అక్కడ గోడ పొడవునా చెక్క అరలు. ఒక్కో రైతుకు ఒక్కో అట్ట, దానికో ఎర్ర నాడా. ఆఫీసరుగారు నాడా విప్పి చూపిస్తూ, "బాబూ, ఒక రైతు కాయితం ఇంకో రైతు అట్టలో పడిందంటే వరికి వెయ్యాల్సింది చెరక్కి ఏస్తాడు. నా పీకల మీదకొస్తాది. ఎవడిది ఆడిదే ఉండాల" అన్నాడు.

నాకు ఆ మాట బాగా నచ్చింది. కంప్యూటరులోనూ అలాగే చేశాను. ఒక్కో రైతుకు ఒక్కో ఫైలు. మూడువేల మందికి పైగా రైతులు, మూడువేలకు పైగా ఫైళ్ళు. ఒక్కో దానిలో ఉండేది నాలుగైదు వరుసలే. సర్వే నంబరు, మట్టి రంగు, పరీక్ష ఫలితాలు. ఆఫీసరుగారు ఒకసారి విశాఖపట్నం వచ్చినప్పుడు తెర మీద తన రైతుల పేర్లన్నీ వరుసగా వస్తుంటే చూసి మురిసిపోయాడు. మేనేజరు నా భుజం తట్టాడు. ఇలా ఎవరి ఫైలు వారికి విడిగా ఉండటమే అన్నిటికంటే మంచి పద్ధతని నేను రెండు పేజీల నోటు కూడా రాసి ఇచ్చాను. అలాంటి తప్పు చేయాలంటే మా ఆఫీసుల అట్టలూ నాడాలూ చూసి పెరిగినవాడే చేయాలి.

ఆ ఫైళ్ళన్నీ ఒక డిస్కు మీద ఉండేవి. ఆ కాలపు డిస్కంటే ఇప్పటిలా జేబులో పెట్టుకునేది కాదు. గుండ్రటి పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చిన దొంతర, దాని మీద పెద్ద ప్లాస్టిక్ మూత. జాగ్రత్తగా రెండు చేతులతో మోయాలి. వారం వారం శనివారం పొద్దున ఆ డిస్కును ఇంకో డిస్కు మీదకు కాపీ చేసి, కాపీని ఇనప బీరువాలో దాచాలి. అసలుది పాడైతే అదే దిక్కు. ఆ పని ఆపరేటరుది. మధ్యాహ్నం నుంచి యంత్రం వేరే కంపెనీవాళ్ళది. వాళ్ళ మనుషులు భోజనాల వేళకే వచ్చి వరండాలో నిలబడేవారు.

మొదట్లో రైతులు కొన్ని వందల మందే కాబట్టి కాపీ త్వరగానే అయిపోయేది. ఫైళ్ళు పెరిగేకొద్దీ అది పాకడం మొదలుపెట్టింది. ఒక దశలో పొద్దున మొదలుపెట్టిన కాపీ, వరండాలో మనుషులు వచ్చి నిలబడినా కాలేదు. ఆ కంపెనీదీ ఒక డిస్కే. అందులో జీతాలన్నీ కలిపి ఒకే పెద్ద ఫైలు. దాన్ని వాళ్ళ ఆపరేటరు కాపీకి పెట్టి, బయట టీ తాగి వచ్చేలోపు అయిపోయేది.

"నీ డిస్కులో ఏటున్నాది బావా, సీసం పోసేరా?" అని వాళ్ళ ఆపరేటరు నవ్వేవాడు.

"మా రైతులున్నారు. ఆళ్ళెప్పుడు తొరగా కదిలేరు కనక?" అని ఇతనూ నవ్వేవాడు.

నవ్వులు ఎక్కువకాలం సాగలేదు. ఆ కంపెనీవాళ్ళు ఫిర్యాదు రాశారు. ఒక శనివారం మేనేజరు హఠాత్తుగా యంత్రం గదిలోకి వస్తే ఇతను బల్ల మీద తల వాల్చి ఉన్నాడు. కాపీ మొదలుపెట్టాక ఆపరేటరు చేయగలిగిందేమీ లేదు. అది తన దారిన నడుస్తూ ఉంటుంది. చల్లటి గది, గంటల తరబడి ఒకటే చప్పుడు. ఎవరికైనా కన్ను మూతపడుతుంది. కానీ మేనేజరుకు రెండు విషయాలు కనబడ్డాయి, కాపీ కాలేదు, మనిషి తల వాల్చాడు. ఆ రెండిటికీ ముడి పెట్టేశాడు.

ఆ సాయంత్రం బస్సులో అతను నన్నడిగాడు. "తమ్ముడూ, అసలు ఇదెందుకు ఇంతసేపు పడతందిరా? ఆళ్ళదీ ఇంతే సైజు, మనదీ ఇంతే సైజు. నానేటి తప్పు సేస్తన్నాను?"

"సూస్తాను అన్నియ్యా" అన్నాను. నిజంగానే చూశాను.

యంత్రం పక్కన టైపురైటరు లాంటిది ఒకటి ఉండి, కాపీ అయిన ప్రతి ఫైలు పేరునూ టకటకా కొడుతుండేది. ఆలస్యం దానివల్లేనని ముందు అనుమానించాను. పేర్లు కొట్టకుండా చేసి చూశాను. కొంత తగ్గింది కానీ అసలు నస పోలేదు. డిస్కుకు దుమ్ము పట్టిందేమోనని శుభ్రం చేయించాం. అదీ కాదు. ఆ తరువాత ఒకరోజు అతను జ్వరంతో ఇంటి దగ్గర ఉన్నప్పుడు, నేనొక్కణ్ణే గదిలో నిలబడి చప్పుడు విన్నాను. ఆ కంపెనీ పెద్ద ఫైలు కాపీ అవుతున్నప్పుడు డిస్కు నుంచి సన్నటి జోరీగ మోత వచ్చేది, మధ్యలో ఎప్పుడో ఒక చిన్న టిక్కు. మా డిస్కు దగ్గర మాత్రం లోపల ఎవరో తలుపు కొడుతున్నట్టు ఎడతెగని టకటక.

ఆ టకటక ఏమిటో అప్పుడు తట్టింది. పలకలు గిర్రున తిరుగుతుంటే, దువ్వెన పళ్ళలాంటి చేతులు వాటి మధ్య లోపలికీ బయటికీ జరుగుతూ చదువుతాయి, రాస్తాయి. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పేర్ల పట్టిక డిస్కు మీద ఒకచోట, సరుకు మరోచోట. మా రైతు ఒక్కడి ఫైలును కాపీ చేయాలంటే, ఆ చేయి ముందు పట్టిక దగ్గరికి పోవాలి. మొదటి పేరు నుంచి చదువుకుంటూ వచ్చి ఆ రైతు పేరు పట్టుకోవాలి. అక్కణ్ణుంచి సరుకున్న చోటికి జరగాలి. పలక తిరిగి ఆ ముక్క తన కిందికి వచ్చేదాకా ఆగాలి. రెండో డిస్కు మీద మళ్ళీ అదే తంతు. ఆ పేరు ముందే ఉందేమో పట్టికంతా చూడాలి, ఖాళీ జాగా వెతకాలి, సరుకు రాయాలి, తిరిగి పట్టిక దగ్గరికొచ్చి ఫలానా ఫైలు ఫలానా చోట, ఇంత సైజని నమోదు చేయాలి. ఇంతా చేసి రాసింది నాలుగు వరుసలు. ఆ నాలుగు వరుసలు రాయడానికి పట్టే సమయం లెక్కలోకే రాదు. ఆలస్యమంతా రాకపోకలదీ, వెతుకులాటదీ, ఎదురుచూపులదీ. అది మూడువేల సార్లకు పైగా జరగాలి. పైగా రెండో డిస్కు మీద పట్టిక పెరుగుతున్నకొద్దీ వెతుకులాట పెరుగుతుంది కనుక, చివరి రైతుల వంతు వచ్చేసరికి మొదటివాళ్ళ కంటే ఎక్కువసేపు పట్టేది.

పెద్ద ఫైలుకు ఈ తంతంతా ఒక్కసారే. ఆపైన చేయి ఉన్నచోటే ఉంటుంది, తిరిగే పలక తనంతట తానే సరుకు తెచ్చి దాని కింద పెడుతుంది. ఒక వరుస అయిపోతే పక్క వరుసకు చిన్న జరుగు, అంతే.

నిర్ధారణ కోసం ఒక చిన్న ప్రోగ్రాము రాసి, మా రైతులందరి వివరాలనూ ఒకదాని వెనక ఒకటి చేర్చి ఒకే ఫైలుగా చేశాను. దాన్ని కాపీకి పెట్టి, కిటికీ దగ్గర నిలబడి పొట్లంలో వేరుశనగకాయలు ఒలుచుకుంటున్నాను. పొట్లం సగమైనా కాకముందే కాపీ అయిపోయింది. అక్షరం తేడా లేకుండా అంతే సరుకు.

ఆ పొట్లం నలిపి పారేసి తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్ళి ఉంటే, ఇప్పుడు ఇది రాయాల్సిన పని ఉండేది కాదు. వెళ్ళలేదు. రైతుకో ఫైలు మంచి పద్ధతని నోటు రాసింది నేనే. ప్రోగ్రాముల విభాగానికి ఎవరినో ఒకరిని పెద్దగా వేస్తారని ఆఫీసులో అనుకుంటున్నారు. ఆ ఒకరు నేనేనని నా ఆశ. సోమవారం చెబుదాం, ముందు పద్ధతి మార్చి ఆ తరువాత చెబుదాం అనుకుంటూ, చేసిన పెద్ద ఫైలును తుడిచేశాను.

ఆ వారంలోనే మేనేజరు అతన్నీ, నన్నూ పిలిచాడు. ఫిర్యాదు కాగితం బల్ల మీద ఉంది.

"కాపీ పెట్టేసి పడుకుంటున్నావట."

"పడుకోలేదండి. కాపీ పెట్టినాక సెయ్యడానికి ఏటీ ఉండదండి. అదలా నడస్తానే ఉంటాది."

"నడస్తా ఉంటే వాళ్ళకి టీ తాగేలోపు ఎలా అవుతోంది? నీకెందుకు పూట పడుతోంది? ఆలస్యంగా మొదలుపెడుతున్నావు. లేదా మధ్యలో ఆగిపోతే చూసుకోవడం లేదు."

"వొట్టండి. రాగానే కాపీ ఎడతన్నాను" అని అతను నా వైపు చూశాడు.

మేనేజరు కూడా నావైపే తిరిగాడు. "నువ్వు చెప్పు. ఆ డిస్కులో సరుకు ఎక్కువా, ఈ డిస్కులో ఎక్కువా?"

"సైజు రెండూ ఒకటే సార్" అన్నాను.

అందులో అబద్ధం లేదు. ఎవరు ఎన్నిసార్లు కొలిచినా నా మాటే నిలుస్తుంది. మరొక్క మాట కలిపితే అతను బతికిపోయేవాడు. సైజు ఒకటే కానీ ఫైళ్ళు మూడువేలు సార్, అంతే. మేనేజరు తల ఊపి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. అతను ఇంకా నా వైపు చూస్తూనే ఉన్నాడు. నేను బల్ల మీది పేపరు వెయిట్ వైపు చూశాను.

నెలాఖరు తరువాత అతన్ని రావద్దన్నారు. ఆఖరి రోజు సాయంత్రం ఇద్దరం ఎప్పటిలాగే ఒకే సీట్లో కూర్చున్నాం. అతను టిఫిను గిన్నె ఒళ్ళో పెట్టుకున్నాడు. సబ్బవరం దాటాక, "తమ్ముడూ, ఒకమాట సెప్పు. నిజంగానే నా కన్నంటుకుందనుకో. నాను నిద్దరోతే మిషను ఆగిపోద్దేటిరా?" అన్నాడు.

"ఏమో అన్నియ్యా" అన్నాను.

ఈ మొత్తంలో నేను చేసిన అన్నిటికంటే చెడ్డ పని ఏదంటే ఆ "ఏమో". మేనేజరు ముందు నోరు మూసుకోవడానికి భయం కారణమని చెప్పుకోవచ్చు. బస్సులో భయపెట్టేవాళ్ళు ఎవరూ లేరు.

అతను వెళ్ళిన వారానికే నేను పద్ధతి మార్చాను. రైతులందరినీ ఒకే ఫైలులోకి చేర్చి, ఎవరి వివరం ఎన్నో వరుసలో ఉందో చూపే చిన్న సూచిక పెట్టాను. జాగా కలిసొస్తుందని కారణం చెప్పాను. అదీ నిజమే, ఎంత చిన్న ఫైలైనా డిస్కు మీద ఒక పూర్తి గడి ఆక్రమిస్తుంది. ఆ శనివారం కొత్త ఆపరేటరు కాపీ పెట్టి, బీడీ కాల్చుకుని వచ్చేసరికి అయిపోయింది. వరండాలో మనుషులు ఇంకా రానేలేదు.

మేనేజరు గది గుమ్మంలో నిలబడి అన్నాడు. "చూశావా? మనిషి మారేసరికి ఎలా అయిందో. ఇన్నాళ్ళూ ఆ నిద్రమొహంగాణ్ణి పెట్టుకున్నాం."

అతన్ని కాపాడవలసిన మార్పే అతని నేరానికి సాక్ష్యమైంది. ఆ సాక్ష్యం తయారుచేసింది నా చేతులే. అప్పుడూ ఊరుకున్నాను. కొన్నాళ్ళకు విభాగం పెద్దగా నన్నే వేశారు.

అతను ఇంకో సంస్థలో ప్రయత్నించాడు. వాళ్ళు మా మేనేజరును అడిగారు. మేనేజరు ఏం చెప్పాడో ఊహించుకోవచ్చు. తరువాత అతను బుచ్చయ్యపేట వైపు వెళ్ళిపోయి అన్నగారితో కలిసి పొలం పనిలో దిగాడు. చోడవరంలో ఇల్లు ఖాళీ చేశారు. సామాను ఎక్కిస్తుంటే తండ్రి వీధిలో నిలబడి, వినేవాళ్ళందరికీ వినబడేలా, "సల్లగాలికి నిద్దరట్టిందట దొరకి" అన్నాడు. నేను మా గుమ్మంలో ఉన్నాను. లోపలికి వెళ్ళిపోయాను.

తరువాతి సంవత్సరాలు నాకు బాగానే గడిచాయి. ఈలోగా కంప్యూటర్లు చిన్నవై, ఆఫీసు బల్లల మీదికి వచ్చాయి. కొత్తగా చేరిన పిల్లలు వందల కొద్దీ ఫైళ్ళు కాపీ పెట్టి, "ఎందుకు సార్ ఇంతసేపు?" అని అడిగితే, నేను చక్కగా వివరించేవాణ్ణి. పట్టిక, చేయి, వెతుకులాట. బొమ్మ గీసి మరీ చెప్పేవాణ్ణి. వాళ్ళు వెళ్ళాక ఆ బొమ్మ చింపేసేవాణ్ణి. ఎవరికి చెప్పాలో వాళ్ళకు తప్ప అందరికీ చెప్పాను.

అతని తండ్రి పోయారని తెలిసింది. అప్పుడూ వెళ్ళలేదు. మొన్న శీతాకాలంలో వెళ్ళాను. వాళ్ళ పొలం పక్కన బెల్లం వండే పాకలో అన్నదమ్ములిద్దరూ ఉన్నారు. పెనంలో రసం కాగుతోంది. అతని జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూడగానే "రా తమ్ముడూ" అని మంచం వాల్చాడు. చెరకు రసం గ్లాసు చేతికిచ్చాడు. నేను దాన్ని కింద పెట్టి, వచ్చిన పని చెప్పాను. ఆపకుండా, తల ఎత్తకుండా చెప్పాను. వేరుశనగకాయల సంగతి కూడా చెప్పాను.

అన్నగారే ముందు నోరు విప్పాడు. "నాకు బోదపడలేదు. సరుకంతా ఒకటేనంటావు, టైము మాత్రం ఎక్కువంటావు. అదేటి?"

నేను చుట్టూ చూశాను. "మీరు చెరకు ఫ్యాక్టరీకి తోల్తారు కదండీ. బండెడు చెరకూ ఒకేసారి కాటా మీదకెక్కిస్తే ఒక తూకం, ఒక చీటీ. అదే చెరకు ఒక్కొక్క గడా విడిగా కాటాకెక్కించి, ఒక్కొక్క గడకీ వేరే చీటీ రాయించుకోవాలంటే?"

"గడకో సీటీయా? పొద్దు కూకిపోద్ది. తెల్లారిపోద్ది."

"బరువు తేడా ఉంటుందాండీ?"

"బరువుకేటి, అదే సెరకు" అన్నాడు. అంతలోనే ఆగాడు. చేతిలో గరిటె పెనం అంచుకు ఆనించాడు. "ఇదేనా? ఇంతేనా? ఇంత వీజీ ముక్క ఆ రోజు ఆళ్ళకి సెప్పడానికి నీకు నోరు రాలేదేటి బాబూ?"

ఇన్నేళ్ళూ అది మేనేజరుకు అర్థమయ్యే విషయం కాదని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. బెల్లం పెనం ముందు నిలబడ్డ మనిషికి అర్థం కావడానికి నాలుగు మాటలు సరిపోయాయి.

అప్పుడు అతను మాట్లాడాడు. గొంతులో కోపం లేదు, ఉంటే బాగుండేది. "మా నాన్న నమ్మేడంటే నమ్మేడు. ఆయన్ననుకోడానికేటుంది. కానొరే, కొన్నాళ్ళకి నాను కూడా నమ్మేసేన్రా. నిజంగానే నిద్దరోయుంటాను, గుర్తు లేదు గావాల అనుకున్నాను. ఇప్పటికీ రేత్రి మంచమెక్కి కన్ను మూత్తంటే ఒకపాలి ఉలిక్కిపడతాను, ఏదో ఎట్టేసి మర్సిపోయినట్టు."

నేను చేతులు పట్టుకోబోయాను. అతను మెల్లగా విడిపించుకుని, పొయ్యిలో పిప్పి ఎగదోశాడు. మంట లేచింది.

"ఇదంతా రాద్దామనుకుంటున్నాను అన్నియ్యా. నీ పేరుతో. నీ తప్పు లేదని" అన్నాను.

"పేరొద్దు" అన్నాడు, మంట వైపే చూస్తూ. "నా పేరెట్టి నువ్వు మంచోడివైపోకు. ఊరి పేరెట్టు. సదివినోళ్ళకి నానెవరో తెలిసిపోద్ది."